చుక్కలు చల్లి π పట్టడం: ఒక్కో కొత్త అంకెకు వంద రెట్ల శ్రమ

ఒక చతురస్రం గీసి అందులో ఒక మూల నుంచి కమాను లాగా పావు వృత్తం గీయాలి. కళ్లు మూసుకుని చతురస్రం నిండా చుక్కలు చల్లాలి. కమాను లోపల ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, మొత్తం చుక్కలతో భాగించి, నాలుగుతో గుణిస్తే π విలువ వస్తుంది. మొదటిసారి విన్నవారికి ఇది గారడీలా అనిపిస్తుంది. ఎందుకు వస్తుందో అర్థం చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఎంత కచ్చితంగా వస్తుంది, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మొచ్చు అన్న దగ్గరే అసలు విషయం ఉంది. చాలా పాఠాలు అక్కడికి రాకుండానే ఆగిపోతాయి.

ముందు బొమ్మను సరిగ్గా పెట్టుకుందాం. చతురస్రం భుజం 1. కింది ఎడమ మూలను (0, 0) అనుకుందాం. అదే కేంద్రంగా, 1 వ్యాసార్థంతో వృత్తం గీస్తే అందులో పావు భాగం మాత్రమే చతురస్రంలో ఉంటుంది. పూర్తి వృత్తం వైశాల్యం πr², ఇక్కడ r = 1 కాబట్టి అది π. పావు వృత్తం వైశాల్యం π/4. చతురస్రం వైశాల్యం 1. అంటే చతురస్రంలో π/4 వంతు, అంటే దాదాపు 0.7854 వంతు, కమాను లోపల ఉంది. చుక్క ఎక్కడైనా సమానంగా పడే అవకాశం ఉన్నప్పుడు, అది లోపల పడే అవకాశం కూడా అదే 0.7854. వెయ్యి చుక్కలు చల్లితే దాదాపు 785 లోపల పడాలి. తిప్పి చెప్పుకుంటే, లోపల పడిన వంతు తెలిస్తే దాన్ని నాలుగుతో గుణించి π ఎంతో చెప్పొచ్చు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. వృత్తం గీయడానికే π కావాలి కదా, మరి π తెలుసుకోవడానికి వృత్తాన్ని వాడితే మోసం కాదా? కాదు. చుక్క లోపలుందో బయటుందో చెప్పడానికి π అక్కర్లేదు, పైథాగరస్ సిద్ధాంతం చాలు. చుక్క (x, y) దగ్గర పడితే కేంద్రం నుంచి దాని దూరపు వర్గం x² + y². అది 1 కంటే ఎక్కువ కాకపోతే చుక్క లోపలున్నట్టే. వర్గమూలం తీయాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే 1కి వర్గమూలం 1 కాబట్టి పోలిక మారదు. ఈ పద్ధతిలో జరిగేవన్నీ రెండు గుణకారాలు, ఒక కూడిక, ఒక పోలిక.

కాగితం మీద పది చుక్కలతో ఒకసారి చేసి చూడటం మంచిది. ఈ పది తీసుకుందాం: (0.42, 0.71), (0.88, 0.63), (0.15, 0.94), (0.97, 0.08), (0.55, 0.36), (0.79, 0.62), (0.03, 0.51), (0.66, 0.74), (0.28, 0.19), (0.91, 0.85). మొదటి చుక్కకు 0.1764 + 0.5041 = 0.6805, కాబట్టి లోపల. రెండో దానికి 0.7744 + 0.3969 = 1.1713, బయట. ఆరో చుక్కను చూడండి: 0.6241 + 0.3844 = 1.0085. వెంట్రుకవాసిలో బయటపడింది. ఎనిమిదోది 0.4356 + 0.5476 = 0.9832, అంతే స్వల్ప తేడాతో లోపల ఉండిపోయింది. అన్నీ చూస్తే రెండోది, ఆరోది, పదోది బయట, మిగిలిన ఏడూ లోపల. 4 × 7 / 10 = 2.8.

π విలువ 2.8! ఇది చూసి నిరుత్సాహపడే ముందు ఒక్క సంగతి గమనించాలి. పది చుక్కలతో 3.14 రావడం అసాధ్యం. ఏడు లోపలుంటే 2.8, ఎనిమిది ఉంటే 3.2, తొమ్మిదైతే 3.6. ఈ మెట్ల మధ్య ఏమీ లేదు. ఉన్నవాటిలో 3.2 అన్నిటికంటే దగ్గరిది, అది వచ్చే అవకాశం కూడా దాదాపు 30 శాతమే. పదికి పదీ లోపలే పడి π = 4 అని తేలే అవకాశం సుమారు 9 శాతం ఉంది. కాబట్టి 2.8 రావడంలో తప్పేమీ జరగలేదు, చుక్కలు తక్కువయ్యాయంతే.

ఇప్పుడు చుక్కలు పెంచుతూ పోతే ఏమవుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. వంద చుక్కలు చల్లితే 78 లోపల పడ్డాయనుకుందాం. అంచనా 3.12. నూట ఒకటో చుక్క లోపల పడితే అంచనా 316/101, అంటే 3.1287 అవుతుంది, పైకి 0.0087 జరిగినట్టు. అదే చుక్క బయట పడితే 312/101, అంటే 3.0891కి దిగుతుంది, 0.0309 పడిపోయినట్టు. లోపలి చుక్క అంచనాను చిన్న అడుగుతో పైకి తోస్తే, బయటి చుక్క దానికి మూడున్నర రెట్ల అడుగుతో కిందికి లాగుతుంది. కానీ బయటి చుక్కలు అరుదు, దాదాపు ఐదింటిలో ఒకటి మాత్రమే. చిన్న అడుగులు చాలా, పెద్ద అడుగులు కొన్ని. అంచనా సరిగ్గా π దగ్గర ఉన్నప్పుడు ఈ రెండూ సగటున సరితూగుతాయి. అంచనా π కంటే తక్కువగా ఉంటే మొగ్గు కొద్దిగా పైకి, ఎక్కువగా ఉంటే కొద్దిగా కిందికి ఉంటుంది.

చుక్కల సంఖ్య పెరిగే కొద్దీ అడుగుల సైజు కూడా తగ్గిపోతుంది. పదివేల చుక్కల తర్వాత ఒక లోపలి చుక్క అంచనాను 0.0001 కూడా కదపలేదు. అంచనాలను వరుసగా గ్రాఫ్ మీద గీస్తే మొదట్లో ఊగిసలాడే గీత తర్వాత నెమ్మదించడం అందుకే. అయితే ఇందులోనే ఒక చిక్కు దాగి ఉంది. అంచనా దారి తప్పి కొంచెం పక్కకు వెళ్లిందంటే, దాన్ని వెనక్కి తెచ్చే అడుగులు కూడా అంతే చిన్నవిగా ఉంటాయి. గీత నెమ్మదించింది కదా అని అది π మీదే ఆగిందని అర్థం కాదు.

ఇక తేడా ఎంత ఉంటుందో లెక్కకు వద్దాం. ఇదే ఈ వ్యాసానికి గుండెకాయ. పదివేల చుక్కలు చల్లితే సగటున 7,854 లోపల పడాలి. కానీ ప్రతిసారీ సరిగ్గా 7,854 పడవు. ఒకసారి 7,880, ఇంకోసారి 7,821 పడొచ్చు. ఈ అటూఇటూ ఊగడాన్ని కొలిచేదే ప్రామాణిక విచలనం. ఒక్కో చుక్కకు లోపల పడే అవకాశం p అయితే, n చుక్కలకు ఆ విచలనం √(n × p × (1 − p)). మన p దగ్గర ఇది దాదాపు 0.41 × √n అవుతుంది. పదివేలకు √n = 100, కాబట్టి ఊగు 41 చుక్కలు. అంచనాలో అది 4 × 41 / 10000, అంటే సుమారు 0.0164. పదివేల చుక్కలతో ఈ ఆట ఎన్నోసార్లు ఆడితే, మూడింట రెండు సార్లు జవాబు 3.125కీ 3.158కీ మధ్య పడుతుంది. మిగతా ఒక వంతు దాని అవతల పడుతుంది.

చుక్కలు పెరిగే కొద్దీ లెక్కలో ఊగు తగ్గదు, నిజానికి పెరుగుతుంది. వంద చుక్కలకు అది 4 చుక్కలే, పదివేలకు 41, పది లక్షలకు 411. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తగ్గేది మొత్తంలో ఆ ఊగు వంతు మాత్రమే. వందకు 4 అంటే నూటికి నాలుగు, పది లక్షలకు 411 అంటే నూటికి 0.04. "చాలాసార్లు బయట పడింది కాబట్టి ఇప్పుడు లోపల పడుతుంది" అని ఏ చుక్కా పాత లెక్క సరిచేయదు. పాత తప్పును కొత్త చుక్కల గుంపు కప్పేస్తుంది, అంతే.

దీన్నుంచి వచ్చే సూత్రం చిన్నది: తేడా దాదాపు 1.64 / √n. చుక్కలు నాలుగు రెట్లు చేస్తే తేడా సగమవుతుంది. పదో వంతుకు తేవాలంటే, అంటే ఇంకొక్క దశాంశ స్థానం నమ్మకంగా రావాలంటే, వంద రెట్లు కావాలి. వంద చుక్కలకు ±0.16, పదివేలకు ±0.016, పది లక్షలకు ±0.0016, పది కోట్లకు ±0.00016.

ఈ అంకెలు ఎంత ఖరీదైనవో తెలియాలంటే పాత పద్ధతుల పక్కన పెట్టి చూడాలి. 22/7 అనే బడి భిన్నం π నుంచి 0.0013 దూరంలో ఉంది. మన చుక్కల తేడా ఆ స్థాయికి దిగాలంటే దాదాపు 17 లక్షల చుక్కలు చల్లాలి. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో ఇచ్చిన 62832/20000, అంటే 3.1416, అసలు విలువకు 0.0000073 దూరంలోనే ఉంది. ఆ కచ్చితత్వాన్ని చుక్కలతో అందుకోవాలంటే సుమారు 5 వేల కోట్ల చుక్కలు కావాలి. కాబట్టి π అంకెలు కావాలనుకున్నవాళ్లకు ఇది పనికిమాలిన పద్ధతి అని నిర్మొహమాటంగా చెప్పొచ్చు. దీని విలువ వేరే చోట ఉంది, అది చివర్లో వస్తుంది.

కంప్యూటర్‌లో చేయడం చాలా తేలిక. పైథాన్‌లో ఇంతే:

```python
import random

n = 10000
lopala = 0
for i in range(n):
    x = random.random()
    y = random.random()
    if x*x + y*y <= 1:
        lopala += 1
print(4 * lopala / n)
```

`random.random()` ప్రతిసారీ 0 నుంచి 1 లోపు ఒక సంఖ్య ఇస్తుంది. ఇవి నిజంగా లాటరీ తీసిన సంఖ్యలు కావు, ఒక సూత్రం ప్రకారం పుట్టేవే, కానీ ఈ పనికి నిక్షేపంగా సరిపోతాయి. పైన `random.seed(7)` అని ఒక వరుస చేర్చితే ప్రతిసారీ అవే చుక్కలు పడి అదే జవాబు వస్తుంది. ప్రోగ్రాంలో తప్పు వెతికేటప్పుడు అది ఉపయోగం. జవాబు ఎంత ఊగుతుందో చూడాలంటే ఆ వరుస తీసేయాలి.

ఇప్పుడు ఒక పరుగులో 7,812 చుక్కలు లోపల పడ్డాయనుకోండి. అంచనా 3.1248. π ముందే తెలుసు కాబట్టి తేడా ఎంతో కనిపిస్తోంది. π తెలియకపోతే? వచ్చిన వంతునే p స్థానంలో పెట్టాలి. p = 0.7812, p × (1 − p) = 0.1709, దాని వర్గమూలం 0.4134, దాన్ని 100తో భాగించి 4తో గుణిస్తే 0.0165. కాబట్టి జవాబును 3.1248 అని రాయడం సగం జవాబే, 3.1248 ± 0.0165 అని రాస్తేనే పూర్తి అవుతుంది. ఆ హద్దును రెట్టింపు చేస్తే 3.092 నుంచి 3.158 వరకు వస్తుంది. ఇరవై పరుగుల్లో సగటున పందొమ్మిది సార్లు ఇలాంటి వెడల్పు హద్దులో అసలు విలువ చిక్కుతుంది. ఇక్కడా చిక్కింది. జవాబుతోపాటు దాని అనుమానం ఎంతో కూడా అవే చుక్కలు చెప్పేశాయి. 3.1248 అన్న నాలుగు దశాంశాల్లో చివరి రెండింటికీ అర్థం లేదని కూడా ఈ లెక్కే చెబుతుంది.

ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో తెలియజేసేది కూడా ఈ హద్దే. జవాబు π నుంచి ఒకటి రెండు హద్దుల దూరంలో ఉంటే అది చుక్కల చంచలత్వం. పది హద్దుల దూరంలో ఉంటే అది ప్రోగ్రాంలో తప్పు. చుక్కలు పెంచినా జవాబు వేరే ఏదో సంఖ్య దగ్గర కుదురుకుంటుంటే ఆ సంఖ్యే తప్పెక్కడుందో చెప్పేస్తుంది. ఉదాహరణకు ఎన్ని చుక్కలు చల్లినా 2.828 దగ్గరే ఉంటే, x, y రెండింటికీ ఒకే సంఖ్య వెళ్తోందని అర్థం. చుక్కలన్నీ కర్ణం మీదే పడుతున్నాయి. ఆ కర్ణంలో కమాను లోపలి వంతు 1/√2, నాలుగుతో గుణిస్తే 2.828. జవాబు అచ్చంగా 3 వైపు వెళ్తుంటే, దశాంశ సంఖ్యల బదులు `random.randint(0, 1)` వాడి ఉంటారు. అప్పుడు చుక్కలు చతురస్రం నాలుగు మూలల్లోనే పడతాయి, వాటిలో మూడు లోపలి లెక్కలోకి వస్తాయి. మరీ అచ్చంగా 4 వస్తే బయట ఏ చుక్కా పడటం లేదన్నమాట. సీ భాషలో `rand() / RAND_MAX` అని రెండు పూర్ణసంఖ్యలను భాగిస్తే దాదాపు ప్రతిసారీ సున్నా వచ్చి ఇదే జరుగుతుంది.

వీటన్నిటికంటే మోసకరమైనది మరొకటుంది. 0, 0.1, 0.2 అంటూ 1 దాకా పదకొండు విలువల్లోంచి మాత్రమే x, y తీసుకుంటే చుక్కలు 121 స్థానాల్లోనే పడగలవు. వాటిలో 90 లోపలున్నాయి. జవాబు 360/121, అంటే 2.975 దగ్గర కుదురుకుంటుంది. π కి కాస్త దగ్గరగానే ఉంది కదా, ఇంకొన్ని చుక్కలు చల్లితే సర్దుకుంటుందని అనిపిస్తుంది. సర్దుకోదు. చుక్కల సంఖ్య ఊగును తగ్గిస్తుందే తప్ప చల్లే తీరులో ఉన్న పక్షపాతాన్ని తగ్గించలేదు. కోటి చుక్కలు చల్లితే తప్పుడు జవాబే ఇంకా కచ్చితంగా వస్తుంది.

ప్రోగ్రాంలో కాకుండా మనిషిలో ఉండే తప్పు ఒకటుంది: నచ్చిన జవాబు రాగానే ఆపేయడం. అంచనా గీత π ని అటూ ఇటూ దాటుతూ ఉంటుంది కాబట్టి, తెర మీద 3.14159 కనిపించిన క్షణాన ఆపితే అద్భుతంగా ఉంటుంది. చుక్కలకు దగ్గరి చుట్టమైన బఫన్ సూది ప్రయోగంలో ఇలాంటి కేసు చరిత్రకెక్కింది. సమాంతర గీతల మీద సూది వేసి, అది ఎన్నిసార్లు గీతను తాకిందో లెక్కపెట్టి π కనుక్కునే ప్రయోగం అది. 1901లో ఇటలీకి చెందిన లాజారిని 3,408 సార్లు సూది వేసి 1,808 సార్లు గీతను తాకిందని, π = 355/113 వచ్చిందని ప్రకటించాడు. అది 3.1415929, ఆరు దశాంశాల దాకా సరైనది. మూడు వేల చిల్లర విసుర్లతో నిజాయితీగా అంత కచ్చితత్వం ఆశించలేం. సూది పొడవును గీతల మధ్య దూరంలో 5/6 వంతు పెట్టుకోవడం, 3,408 అనే వింత సంఖ్య దగ్గర ఆగడం చూస్తే 355/113 రావడానికి అనువుగా అంతా అమర్చినట్టే కనిపిస్తుంది. దీనికి విరుగుడు తేలికే: ఎన్ని చుక్కలో ముందే నిర్ణయించుకోవాలి, అన్నీ చల్లాకే జవాబు చూడాలి.

మరి ఇంత నెమ్మది పద్ధతిని ఎందుకు నేర్పుతారు? నిజానికి ఈ చతురస్రంలో యాదృచ్ఛికంగా చల్లడం కంటే వరుసగా పేర్చడమే మేలు. వంద అడ్డం, వంద నిలువు గళ్లు చేసి ఒక్కో గడి మధ్యలో ఒక చుక్క పెడితే అవే పదివేల చుక్కలు. కమాను తాకే గళ్లు దాదాపు 200 మాత్రమే. పొరపాటుకు అవకాశం వాటిలోనే ఉంది, మిగతావన్నీ కచ్చితంగా లోపలో బయటో ఉంటాయి. జవాబు ఎంతో మెరుగ్గా వస్తుంది.

కానీ పొడవు, వెడల్పు అనే రెండు కొలతలే ఉన్న చతురస్రం బదులు పది కొలతలున్న ఘనం అనుకోండి. ఒక్కో దిక్కుకు పది గళ్లే పెట్టినా మొత్తం 1,000 కోట్ల గళ్లు అవుతాయి. పేర్చే పద్ధతి అక్కడ చేతులెత్తేస్తుంది. చల్లే పద్ధతికి మాత్రం కొలతలు ఎన్నయినా తేడా 1/√n చొప్పునే తగ్గుతుంది. 1940లలో అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో ఉలమ్, వాన్ నోయ్‌మన్, మెట్రోపోలిస్ వంటి శాస్త్రవేత్తలు న్యూట్రాన్ల ప్రయాణాన్ని లెక్కకట్టడానికి దీన్నే ఆశ్రయించారు. జూదశాలకు పేరుపడ్డ ఊరి మీదుగా దీనికి మాంటీ కార్లో పద్ధతి అని పేరు కూడా అప్పుడే వచ్చింది. ఒక్కో న్యూట్రాన్ దారిలో ఎన్నో మలుపులు, ఒక్కో మలుపూ ఒక కొత్త కొలత.

అక్కడ కూడా కళ్లు మూసుకుని చల్లితే సరిపోదు. పది కొలతల ఘనంలో ఇమిడే గోళం ఆ ఘనంలో 0.25 శాతం చోటు మాత్రమే తీసుకుంటుంది. వెయ్యి చుక్కలు చల్లితే రెండో మూడో లోపల పడతాయి. రెండు పడ్డాయా మూడు పడ్డాయా అన్నదాన్ని బట్టి జవాబు ఒకటిన్నర రెట్లు మారిపోతుంది. అందుకే అలాంటి లెక్కల్లో చుక్కలను ఘనమంతా సమానంగా వెదజల్లరు. విషయం ఉన్న చోట ఎక్కువ చల్లి, అలా మొగ్గు చూపినందుకు ఒక్కో చుక్క బరువును ఆ మేరకు తగ్గించి లెక్కపెడతారు.